స్కాన్ చేసిన పాత ఫోటోలో మూలనున్న డేట్: క్రాప్ చేస్తే చాలా?

జీవకోన
అలిపిరి మెట్ల దగ్గర తీసిన ఇంటిల్లిపాది ఫోటో. 6×4 ప్రింటు, 600 డీపీఐలో స్కాన్ చేస్తే 3600×2400 పిక్సెళ్లు వచ్చింది. కింద కుడి మూలలో నారింజ రంగులో '96 4 14 అని ఉంది. కింద పట్టీ కోసేస్తే పోతుందా? గోడకు 10×8 ఫ్రేము కట్టించాలి. అవ్వ పాదాలు కింది అంచుకు సెంటీమీటరు లోపే ఉండాయి. గోపురం ఎడమ పక్క. కుడి పక్కన మెట్లు, మామ మోచెయ్యి.

పీలేరు తమ్ముడు
సులభం అన్నా. ఫైల్ మీద రైట్ క్లిక్, `Properties`, `Details`, కింద `Remove Properties and Personal Information`. డేట్ పోతుంది.

చిత్తూరు స్కానింగ్
తమ్ముడూ, అది ఫైల్‌లో దాగిన వివరాలు తీసేదానికి. ఇక్కడ అంకెలు బొమ్మలోనే ఉండాయి. కెమెరా వెనక మూతలోని చిన్న లైటు ఫిల్ము మీదే వాటిని ముద్రించింది. నెగెటివ్ దొరికినా అందులోనూ ఉంటాయి.

జీవకోన గారూ, కింద పట్టీ కోయొద్దు. అంకెల పై అంచు పైనుంచి 2150వ పిక్సెల్ దగ్గర ఉందనుకోండి. చుట్టూ ఎర్రటి చాయ ఇంకో 20, 30 పిక్సెళ్లు పాకి ఉంటుంది కాబట్టి 2120 దగ్గర కోయాలి. అంటే ప్రింటు మీద దాదాపు 12 మిల్లీమీటర్లు పోతాయి. అవ్వ పాదాలు సరిగ్గా ఆ పట్టీలోనే ఉండాయి. మనిషిని చీలమండ దగ్గర తెంపితే చూసేవాళ్ల కన్ను అక్కడే ఆగుతుంది. కోయక తప్పకపోతే పిక్క సగం దాకా పైకి పోవాలి, అప్పుడు మెట్లు కూడా పోతాయి.

కొర్లగుంట అక్క
ఏ పక్క కోసినా క్లారిటీ పోతుంది. కోయకుండా క్లోన్ టూల్‌తో మెట్ల రాయి తెచ్చి అంకెల మీద పూయడం మేలు.

చిత్తూరు స్కానింగ్
సగం నిజం అక్కా. కోసినంత మాత్రాన మిగిలిన పిక్సెల్ ఒక్కటీ మారదు. జేపెగ్‌ను తెరిచి మళ్లీ సేవ్ చేస్తే కొంత చెడుతుంది, మిగిలిన ముక్కను మరీ పెద్దగా ప్రింటు తీస్తే మసకబారుతుంది. ఇక క్లోన్ అంటే, ఆ మెట్ల రాతి అంచులు వాలుగా పోతాయి. అతుకు పెట్టిన చోట గీత విరిగినట్టు కనబడుతుంది, 10×8లో ఇంకా బాగా.

నా మాట కుడి పక్క కోయమని. అంకెలు ఎడమ నుంచి 2800 దగ్గర మొదలైతే 2780 దాకా ఉంచండి. 10×8 కొలతకు 2780 వెడల్పు అయితే ఎత్తు 2224 కావాలి. ఆ తగ్గించే 176 పిక్సెళ్లు పైనున్న ఆకాశంలోంచి తీయండి, పాదాలు భద్రం. ప్రింటులో అంగుళానికి 278 పిక్సెళ్లు పడతాయి, గోడకు చాలు. జేపెగ్‌ను మళ్లీ నొక్కకుండా కోసేదానికి:

```
jpegtran -copy all -crop 2780x2224+0+176 -outfile frame.jpg scan.jpg
```

మొదలయ్యే చోటు 16 గుణిజమైతేనే కోత చెప్పిన చోట పడుతుంది, లేకుంటే కొంచెం పక్కకు జరుగుతుంది. 176 సరిపోతుంది. మీ స్కాన్‌లో అంకెలు ఎక్కడున్నాయో కొలిచి మార్చుకోండి. కోసినాక అంచును 100 శాతంలో పెట్టి, ముదురు రంగున్న చోట ఎర్రటి చాయ మిగిలిందేమో చూడండి. మిగిలితే ఇంకో 20 పిక్సెళ్లు లోపలికి రండి.

జీవకోన
మామ మోచెయ్యి తెగుతుంది సార్. గోపురం పైన కలశాలు?

చిత్తూరు స్కానింగ్
కలశాలు పై అంచుకు 176 కంటే దగ్గరగా ఉంటే ఈ కోత పనికిరాదు. మోచెయ్యి విషయంలో, సరిగ్గా కీలు దగ్గర కాకుండా భుజానికి, మోచేతికి మధ్య తెగితే అంత ఎబ్బెట్టుగా ఉండదు.

ఫ్రేము పని, గాంధీ రోడ్డు
ఫైల్ ఎందుకు కోయడం? మొత్తం ఫోటోను 12×8 తీయించండి. 3600×2400కు సరిగ్గా అంగుళానికి 300 వస్తుంది. పైన మౌంట్ బోర్డు పెట్టి, తొమ్మిదింపావు అంగుళాల వెడల్పు, ఏడుంబావుకు కొంచెం పైన ఎత్తుతో కిటికీ కోయించండి. ఆ కోతే కనబడుతుంది, అంకెలు బోర్డు కింద ఉండిపోతాయి. కుడి పక్క బోర్డు రెండున్నర అంగుళాలు దాటుతుంది కాబట్టి మిగతా మూడు పక్కలా కూడా వెడల్పు బోర్డు పెట్టాలి. ఫ్రేము 10×8 కాదు, దాదాపు 15×13 అవుతుంది, ఖర్చూ పెరుగుతుంది.

కొర్లగుంట అక్క
ఇది నాకు నచ్చింది. అయినా ఆ డేట్ తప్పేముంది? పిల్లలకు ఎప్పటిదో తెలుస్తుంది.

చిత్తూరు స్కానింగ్
అందుకే అసలు స్కాన్ ముట్టుకోవద్దు. బొమ్మలో తేదీ తీసేస్తే ఫైల్‌లో రాసిపెట్టండి:

```
exiftool -DateTimeOriginal="1996:04:14 00:00:00" frame.jpg
```

ఇక్కడ 14 ఉంది కాబట్టి నెల 4 అని ఖాయం. `4 5 '96` అయితే నెలేదో, రోజేదో కెమెరా అమరికను బట్టి మారుతుంది. బ్యాటరీ మార్చినాక తేదీ సరిచేయని కెమెరాలూ ఉండేవి, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయండి.

జీవకోన
అమ్మ డేట్ ఉండాలంటోంది, నాన్న వద్దంటున్నాడు. కలశాలు పైనుంచి 210 దగ్గర మొదలవుతున్నాయి, ఇప్పుడే కొలిచినా.

చిత్తూరు స్కానింగ్
అయితే కోత పడుతుంది, కానీ పైన 34 పిక్సెళ్లే మిగులుతాయి. ఫ్రేము అంచు ప్రతి పక్కా అయిదారు మిల్లీమీటర్లు కప్పుతుంది, కలశాల కొన దాని కిందికి పోతుంది. మీకు మౌంట్ బోర్డే మేలు.