హాలులో 64, జూమ్‌లో 143: సభకు ఎందరు వచ్చినట్టు?

సీతమ్మధార: గత ఆదివారం సిరిపురంలో మా నీటి సంరక్షణ సదస్సు జరిగింది. హాలు రిజిస్టరులో 64 సంతకాలు, జూమ్ నివేదికలో 143 వరుసలు ఉన్నాయి. ఖర్చు భరించిన సంస్థకు 207 మంది అని రాయవచ్చా? యూట్యూబ్‌లో 410 వ్యూలు కూడా ఉన్నాయి.

గాజువాక: వ్యూలు కలపకండి. ఒకరే రెండు మూడుసార్లు తెరిచి ఉండవచ్చు, మర్నాడు చూసినవారూ అందులోనే చేరతారు. జూమ్ మాత్రం పేర్లతో సహా ఇస్తుంది కాబట్టి 207 రాసేయవచ్చు.

మద్దిలపాలెం: యూట్యూబ్ సంగతి నిజమే, జూమ్ సంగతి కాదు. అక్కడ ఒక వరుస అంటే ఒక మనిషి కాదు, ఒకసారి లోపలికి రావడం. సిగ్నల్ పోయి మళ్లీ వస్తే ఇంకో వరుస పడుతుంది. నివేదికలో `Show unique users` దగ్గర టిక్ పెట్టి చూడండి. అప్పుడు కూడా హాలులోని లాప్‌టాప్, హోస్టు, వక్తలు జాబితాలో ఉంటారు. వాళ్లను చేత్తోనే తీసేయాలి. మరొకటి: హాలులో కూర్చునే, తెర కనబడక ఫోనులో జూమ్ తెరిచినవారు ఉంటారు. రిజిస్టరు పక్కన పెట్టుకుని పేర్లు సరిచూడండి.

సీతమ్మధార: రాత్రి కూర్చుని చూశాను. 143 కాస్తా 99 అయింది. లాప్‌టాప్, హోస్టు, ఇద్దరు వక్తలు పోగా 95. హాలులో ఉండి ఫోనులోనూ చేరినవారు 9 మంది తేలారు, అంటే 86. రిజిస్టరులో మా కార్యకర్తలే ఐదుగురు సంతకం చేశారు, వారు పోగా 59. ఇప్పుడు మా కార్యదర్శి, ఆన్‌లైన్‌లో పది నిమిషాలైనా లేనివారిని తీసేయమంటున్నారు.

పాడేరు: దయచేసి ఆ పని చేసేముందు నా మాట వినండి. పోయిన నెల ఒక శిక్షణలో నేను ఏడుసార్లు చేరాను, ప్రతిసారీ ఎనిమిది నిమిషాలకు సిగ్నల్ పోయేది. నిర్వాహకులు పది నిమిషాల లోపు వరుసలన్నీ ముందే కొట్టేశారు. 56 నిమిషాలు విన్న నేను రానట్టే లెక్క, ధ్రువపత్రమూ ఇవ్వలేదు. పైగా ఆ ఒక్క ఫోను చుట్టూ ఆరుగురం కూర్చున్నాం.

మద్దిలపాలెం: ముందు ఒకే మనిషి వరుసలన్నీ కలిపి, ఆ తర్వాతే నిమిషాలు చూడాలి. మీ విషయంలో ఆ క్రమం తలకిందులైంది. అసలు ఆ పది నిమిషాల నియమమే నాకు నచ్చదు. హాలులో సంతకం పెట్టి, టీ తాగి వెళ్లిపోయినవారు పూర్తి హాజరు కింద పడతారు, ఇంట్లో కూర్చున్నవారికి మాత్రం గడియారం పరీక్షా? రెండు వైపులా ఒకే కొలత ఉండాలి. మా సభల్లో ఒకరు హాలు వెనక గోడ దగ్గర నిలబడి, ముందే అనుకున్న మూడు వేళల్లో వరుసవారీగా తలలు లెక్కపెడతారు. అదే క్షణానికి ఆన్‌లైన్‌లో ఎందరున్నారో అసలు జాబితాలోనే దొరుకుతుంది. దీనికి ఆ టిక్ తీసేయాలి, లేకపోతే చేరిన, వెళ్లిన వేళలు కనబడవు. అవి C, D నిలువు వరుసల్లో ఉన్నాయనుకుంటే, H1లో తేదీతో సహా వేళ రాసి:

```
=COUNTIFS(C:C,"<="&H1,D:D,">"&H1)
```

ఎన్నిసార్లు తెగి చేరినా, ఆ క్షణంలో మనిషి ఒక్క వరుసలోనే ఉంటాడు. రెండు పరికరాలతో చేరినవారే దీనికి చిక్కరు.

సీతమ్మధార: ఆ రోజు తలలు లెక్కపెట్టలేదు. కానీ 12:15కు వేదిక మీంచి తీసిన ఫొటో ఉంది. పెద్దది చేసి వేలితో లెక్కిస్తే 38 మంది. కుడి మూల రెండు కుర్చీలు ఫొటోలో రాలేదు. అదే వేళకు మీ సూత్రం 52 ఇచ్చింది. అందులో మా నలుగురు, హాలులోంచే చేరిన ఏడుగురు పోగా 41.

గాజువాక: జూమ్ విషయంలో నేను పొరబడ్డాను. కానీ ఆ సంస్థ ఫారంలో ఉన్నది ఒకే గడి కదా? ఇవన్నీ ఎక్కడ పెడతారు?

మద్దిలపాలెం: గడిలో 145. కింద వివరణలో ఇలా రాయండి: "హాలులో 59, ఆన్‌లైన్‌లో 86. రెండుచోట్లా ఉన్న 9 మందిని హాలులోనే లెక్కించాం. 12:15కు ఫొటో ప్రకారం హాలులో కనీసం 38, ఆన్‌లైన్‌లో 41. యూట్యూబ్ వ్యూలు కలపలేదు." వివరణకు చోటు లేకపోతే ఫారంతోపాటు ఉత్తరం జతచేయండి.

గాజువాక: పాడేరులో ఒక ఫోను దగ్గర కూర్చున్న ఆరుగురి మాట? పేర్లు చాట్‌లో రాస్తే ఆరుగురినీ కలపడమే న్యాయం.

మద్దిలపాలెం: కలిపితే సరిచూసే దారి లేదు. విడిగా ఒక వాక్యంలో చెప్పవచ్చు, మొత్తంలో వద్దంటాను.

పాడేరు: సంతకం పెట్టి వెళ్లిపోయినవారినీ సరిచూడలేదు కదా, వారు మొత్తంలో ఉన్నారు.