‘మేడే’ ఫ్రెంచి కేకేనా?

సుజాత (మలక్‌పేట): టీవీలో విమాన ప్రమాదం కథనం వస్తోంది. పైలట్ "మేడే, మేడే, మేడే" అన్నాడు. మే 1కీ దీనికీ ఏం సంబంధమని మా అబ్బాయి అడుగుతున్నాడు.

వెంకట్ (ఉప్పల్): ఏ సంబంధమూ లేదండీ. ఫ్రెంచిలో "మెదే" అంటే "నాకు సాయం చేయండి". ఆపదలో ఫ్రెంచి వాళ్ళు అలాగే అరుస్తారు.

నర్గీస్ (మెహదీపట్నం): మొదటి మాట నిజమే, రెండోది కాదు. నేను ఫ్రెంచి పాఠాలు చెబుతాను. ఆపదలో వాళ్ళు అనేది "ఎదే మ్వా". ఉత్త "మెదే" వ్యాకరణానికి నిలవదు. "వనే మెదే", అంటే "వచ్చి సాయం చేయండి" అనే వాక్యానికి తోకైతే కుదురుతుంది. "మేడే" ఎలా పుట్టిందో ఈ రెండు రకాలుగానూ చెబుతారు.

రామ్మోహన్ (బేగంపేట): రేడియో విభాగంలో పనిచేశాను కాబట్టి రెండు మాటలు. 1920ల మొదట్లో లండన్ దగ్గర క్రాయ్‌డన్ విమానాశ్రయంలో ఫ్రెడరిక్ మాక్‌ఫర్డ్ రేడియో అధికారి. ఆపద మాట ఒకటి చూడమన్నారు. అక్కడి విమానాలు ఎక్కువగా తిరిగేది ప్యారిస్‌కి, అందుకే రెండు వైపులా తెలిసే మాట వెతికాడు. ఎస్ఓఎస్ అప్పటికే ఉంది, కానీ అది మోర్స్ టకటకల కోసం. నోటితో చెబితే ‘స’ బుస లాంటి శబ్దం. దాని బలమంతా పై పౌనఃపున్యాల్లో ఉంటుంది, ఆనాటి రేడియో సరిగ్గా వాటినే కోసేసేది. మిగిలింది రేడియో సొంత బుసలో కలిసిపోయేది. "మేడే"లో అన్నీ గొంతు పలికే ధ్వనులే, అచ్చులు సాగుతాయి. 1927 వాషింగ్టన్ సమావేశంలో అన్ని దేశాలూ ఒప్పుకున్నాయి.

లావణ్య (కూకట్‌పల్లి): మా నాన్నగారి ఇనిషియల్ ఎస్. ఫోన్‌లో టికెట్ బుక్ చేస్తే ఎఫ్ అని వచ్చింది. ఇదేనా కారణం?

రామ్మోహన్: అదేనమ్మా. రెండింట్లోనూ ‘ఎ’ ఒక్కటే గట్టిగా వినిపిస్తుంది.

వెంకట్: మరి "హెల్ప్" అంటే సరిపోదా సార్?

రామ్మోహన్: మామూలు సంభాషణలో రాని మాట కావాలి. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వస్తున్న అవియాంకా 52 విమానం దారిలో వేర్వేరు చోట్ల మొత్తం గంటకు పైగా చక్కర్లు కొట్టింది. సిబ్బంది "ప్రయారిటీ" కావాలన్నారు, ఇంధనం అయిపోతోందన్నారు. "మేడే" గానీ "ఎమర్జెన్సీ" గానీ అనలేదు. కంట్రోలర్లు అందరితో పాటే వరుసలో ఉంచారు. మొదటిసారి దిగడం కుదరలేదు, మళ్ళీ తిరిగొచ్చేలోపు ఇంజన్లు ఆగిపోయాయి. 158 మందిలో 73 మంది పోయారు.

నర్గీస్: వాళ్ళది స్పానిష్. ఆ భాషలో "ప్రియోరిదాద్" వాళ్ళ మనసులో ఇంకా బరువైన మాటేమో. దాని మీద ఇప్పటికీ వాదన ఉంది.

సుజాత: మూడుసార్లు ఎందుకు?

రామ్మోహన్: ఒక్కసారైతే గోలలో పోవచ్చు. పైగా వేరే విమానం మేడే గురించి ఎవరైనా మాట్లాడుతుంటే అది కొత్త పిలుపు అనుకోకూడదు. మూడుసార్లు అన్నాక విమానం పేరు, ఏమైంది, ఎక్కడున్నారు చెబుతారు.

వెంకట్: మాక్‌ఫర్డ్ ముందు ధ్వని చూసి, ఫ్రెంచి అర్థం తర్వాత కలిపాడేమో మేడం?

నర్గీస్: కాదనలేను. కానీ ప్యారిస్ దారి పక్కన పెడితే ఆ మాటే ఎందుకు తట్టిందో చెప్పడం కష్టం.