అప్‌డేట్: ‘నాట్ బ్యాడ్ ఎట్ ఆల్’ పొగడ్తేనట

నా ప్రశ్న: ‘ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మా మేనేజరు నా నివేదికకు జవాబుగా “నాట్ బ్యాడ్ ఎట్ ఆల్” అని పంపారు. నిఘంటువు చూస్తే “ఏమాత్రం చెడ్డగా లేదు” అని వస్తోంది. తిరగరాయాలా?’

అక్కర్లేదని తేలింది. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ‘మాటను వదిలేసి, తర్వాత ఆయన ఏం చేస్తారో చూడండి’ అన్న సలహా పనిచేసింది. నివేదికను ఒక్క అక్షరం మార్చకుండా క్లయింటుకు పంపించారు. పక్క సీటులోని యార్క్‌షైర్ ఆవిడను అడిగితే, ఆయన నోట అంతకంటే పెద్ద పొగడ్త రాదని నవ్వేశారు. మనం గట్టివాణ్ణి చూసి ‘తక్కువవాడేమీ కాదు’ అంటాం కదా, అదే పద్ధతి.

అసలు జాగ్రత్త పడాల్సింది ‘క్వైట్ గుడ్’ దగ్గరట. నిఘంటువులో ‘క్వైట్’కు ‘పూర్తిగా’ అనే అర్థమూ ఉంది. అమెరికన్లు దాన్ని తరచు ‘చాలా’ అన్నట్టే వాడతారు. బ్రిటిష్ వాళ్లు మాత్రం ‘క్వైట్’ను ఒత్తి పలికి, గొంతు దించి మళ్లీ పైకి లేపితే ‘పరవాలేదు, కానీ...’ అని. ఆ ‘కానీ’ తర్వాతి వాక్యంలో వస్తుంది, అందాకా ఆగాలి. రాతలో గొంతు వినబడదు గనక, ఏం మార్చాలని నేరుగా అడగడమే మేలు.

వెటకారం పట్టుకోవడం ఇంకా తేలిక: సర్వరు పడిపోయిన వేళ ‘ఓ, బ్రిలియంట్’ అంటే మన ‘బాగుంది సంబడం’.

సందేశం చివర చుక్క పెట్టారు, నవ్వు బొమ్మ పెట్టలేదు, నచ్చలేదేమో అన్న చర్చకు మాత్రం దీనితో సంబంధం లేదు. ఆయన అందరికీ అలాగే రాస్తారట.