బ్రోచర్‌లో 1650, రెరా సైటులో 98.5. మిగతాది ఎక్కడుంది?

కొత్తింటి వేట: తెల్లాపూర్ వైపు ఒక త్రీ బీహెచ్‌కే చూశాం. బ్రోచర్‌లో 1650 ఎస్ఎఫ్‌టీ, రేటు 6,200. తెలంగాణ రెరా సైటులో అదే ఫ్లాటుకి కార్పెట్ ఏరియా 98.5 చదరపు మీటర్లు, బాల్కనీ 9 అని ఉంది. 10.764తో గుణిస్తే కార్పెట్ 1060 అడుగులే. 590 అడుగుల తేడా! సేల్స్ అబ్బాయేమో "కామన్ ఏరియా 24 శాతమే సార్" అంటున్నాడు. ఆదివారం లోపు టోకెన్ కట్టమంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

మియాపూర్ వాసి: రెరా వచ్చాక ఇలా కామన్ ఏరియా కలిపిన సూపర్ బిల్టప్ మీద అమ్మకూడదండీ. కంప్లైంట్ పెట్టేయండి. ముంబైలో మా తమ్ముడి అగ్రిమెంట్‌లో కార్పెట్ తప్ప వేరే అంకే లేదు.

సైట్ ఇంజినీర్: ముంబై సంగతి నిజమే. కానీ 2016 రెరా చట్టం అడిగేది కార్పెట్ ఏరియా దాచకుండా చెప్పమని, అగ్రిమెంట్‌లో రాయమని. మన దగ్గర రేటు మాత్రం ఇప్పటికీ సూపర్ బిల్టప్ మీదే నడుస్తోంది. కాబట్టి ఆ కార్పెట్ అంకె అగ్రిమెంట్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి.

ఇక మీ 590. అందులో బాల్కనీ 97 అడుగులు, అది మీదే, కానీ కార్పెట్‌లో కలపరు. బయటి గోడలు 8 అంగుళాల మందంతో చుట్టూ 145 అడుగులు ఉన్నాయనుకుంటే ఇంకో 97. వీటిని కార్పెట్‌కి కలిపితే బిల్టప్ 1254. మిగిలిన 396 అడుగులే మెట్లు, లిఫ్టు, కారిడార్, లాబీ, క్లబ్ హౌస్‌లలో మీ వాటా. 396ని 1650తో భాగించండి, సరిగ్గా 24 శాతం. అబ్బాయి అబద్ధం చెప్పలేదు. అదే 396ని 1254 మీద చూస్తే దాదాపు 32 శాతం. ఒక బిల్డర్ ఇలా, ఇంకొకరు అలా చెప్తారు, అందుకే ఆ శాతాలు పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. "దేని మీద 24?" అని అడగండి. గోడల లెక్క నా అంచనా మాత్రమే, ప్లాన్ చూస్తే తేలుతుంది.

అద్దె ఫ్లాటు: మాకు మెయింటెనెన్స్ 1480 అడుగుల మీద మూడున్నర చొప్పున వేస్తున్నారు. కార్పెట్ మీద వేయమని అడగొచ్చా అన్నా?

సైట్ ఇంజినీర్: అది మీ అసోసియేషన్ తీర్మానం బట్టి ఉంటుంది. పైగా అందరికీ ఒకేలా మారిస్తే అడుగుకి రేటు పెంచేస్తారు, బిల్లు దాదాపు అక్కడే ఉంటుంది.

కీస్ వచ్చాయి: మేం మోసపోయాం అనుకుంటా. అగ్రిమెంట్‌లో కార్పెట్ 1020. నేనూ మా ఆవిడా టేపు పట్టుకుని గది గదీ కొలిస్తే 972 వచ్చింది. కార్పెట్ అంటే కార్పెట్ పరిచేంత జాగా కదా?

సైట్ ఇంజినీర్: పేరు అలా ఉంది గానీ రెరా లెక్కలో ఇంటి లోపలి గోడల కింద జాగా కూడా కార్పెట్‌లోకే వస్తుంది. మీరు గదులు మాత్రమే కొలిచారు. లోపలి గోడలు 4 అంగుళాలవి, మొత్తం 100 అడుగుల పొడవుంటే 33 అడుగులు అక్కడే ఉన్నాయి. ఇంకొకటి, ప్లాన్‌లో రాసే 12 బై 11 సాధారణంగా ప్లాస్టర్‌కి ముందు కొలత. రెండు వైపులా అరంగుళం చొప్పున పూస్తే ఆ ఒక్క గదిలోనే రెండు చదరపు అడుగులు పోతాయి. అన్ని గదులకీ కలిపి 15 దాకా రావచ్చు. గోడల పొడవు ఒకసారి కొలవండి, అప్పటికీ లెక్క కుదరకపోతే బిల్డర్‌ని కొలతల షీట్ అడగండి.

కొత్తింటి వేట: థాంక్సండీ. మాకు ఇంకో ప్రాజెక్టు కూడా ఉంది. 1500 ఎస్ఎఫ్‌టీ, రేటు 6,700, ఖరీదని వదిలేశాం. ఇప్పుడు రెరాలో చూస్తే దాని కార్పెట్ 1085! మొదటిది కోటీ 2 లక్షల 30 వేలు, కార్పెట్ అడుగుకి 9,650 పడుతోంది. రెండోది కోటి 50 వేలు, 9,263 పడుతోంది. 500 ఎక్కువ రేటున్నదే చవక.

సైట్ ఇంజినీర్: పార్కింగ్, క్లబ్ హౌస్ చార్జీలు కూడా కలిపి చూడండి. అలాగే భూమిలో మీ వాటా ఎన్ని గజాలో రెండింటికీ అడగండి. కామన్ ఏరియా ఎక్కువైతే ఆ వాటా పెరుగుతుందనేం లేదు.

మియాపూర్ వాసి: మరి వాషింగ్ మెషిన్ పెట్టే యుటిలిటీ కార్పెట్‌లోకా, బాల్కనీలోకా? మా బిల్డర్ కార్పెట్‌లో వేశాడు.

సైట్ ఇంజినీర్: నేను పనిచేసిన రెండు సైట్లలో రెండు రకాలుగా వేశారు. మూడు వైపులా గోడ ఉంటే లోపలిదే అని ఒకరు, గ్రిల్ ఉంటే బాల్కనీ అని ఇంకొకరు.

కొత్తింటి వేట: రెండో ప్రాజెక్టులో యుటిలిటీ 40 అడుగులుంది. 1085లో అది ఉందో లేదో రేపు అడిగి చెప్తా. టోకెన్ అప్పటిదాకా ఆపాను.