బాణం గుర్తులను బట్టి జెర్రిపోతుకు ఏ పోషక స్థాయి రాయాలి?

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి వర్క్‌షీట్‌లో వరి పొలం ఆహార జాలకం ఇచ్చారు. వరి నుండి మిడతకు, మిడత నుండి కప్పకు, కప్ప నుండి జెర్రిపోతుకు బాణాలున్నాయి. వరి నుండి ఎలుకకు, ఎలుక నుండి అదే జెర్రిపోతుకు మరో దారి ఉంది.

అమ్మాయి మొదట బాణాన్ని ‘తింటుంది’ అని చదివి, వరి మిడతను తిన్నట్లు రాసింది. బాణం మొన తినే జీవి వైపు, అంటే శక్తి చేరే వైపు ఉంటుందని చెప్పాక ఆ తప్పు సరిదిద్దుకుంది. అసలు చిక్కు ఆ తరువాతే వచ్చింది. వరిని మొదటి స్థాయిగా లెక్కిస్తే, జెర్రిపోతు ఎలుక దారిలో మూడో స్థాయికి, కప్ప దారిలో నాలుగో స్థాయికి వస్తుంది. జవాబుల పత్రంలో మాత్రం నాలుగు అని ఒక్కటే ఉంది. రెండూ రాయడమే సరైనదని నా అభిప్రాయం. పరీక్షలో దానికి మార్కులు ఇస్తారా?

వరిలో 10,000 కిలోజౌళ్ల శక్తి ఉందనుకుంటే, పది శాతం నియమం ప్రకారం ఎలుక దారిలో జెర్రిపోతుకు 100, కప్ప దారిలో 10 చేరతాయి. కానీ ఈ రెంటినీ కలిపి 110 అనడం నాకు తప్పుగా తోస్తోంది, ఎందుకంటే రెండో స్థాయి మొత్తానికి దక్కే 1,000ని మిడత, ఎలుక పంచుకోవాలి కదా. దీనిని పిల్లలకు ఎలా వివరిస్తారో, బోధనానుభవం ఉన్నవారు దయచేసి తెలుపగలరు.