ఫ్లెక్సీ మీద ఆ అమ్మాయి ఫోటో వేయొచ్చా?

రాయగడ సెంటర్: 90 మంది పిల్లలతో నీట్ కోచింగ్ నడుపుతున్నాను. ఈసారి అందరికంటే ఎక్కువ మార్కులొచ్చిన అమ్మాయికి 17 ఏళ్లు. ఫ్లెక్సీలో పడాలని తనకు సరదాగా ఉంది, వాళ్ల నాన్న మాత్రం వద్దంటున్నారు. అడ్మిషన్ ఫారంలో ‘ఫోటో వాడుకోవచ్చు’ అన్న లైను కింద ఆయన సంతకం ఉంది. వేసెయ్యొచ్చా?

జయపురం సార్: సంతకం ఉంటే ఇంకేం టెన్షనండీ? మాకూ రాతపూర్వక అంగీకారం ఉండాలనే చెప్పారు, ఫారంలోనే తీసుకుంటున్నాం. మీరు ఆలోచిస్తూ కూర్చుంటే తెల్లారేసరికి పక్క సెంటర్ వాడి ఫ్లెక్సీ బస్టాండు దగ్గర వేలాడుతుంది.

బరంపురం లాయర్: రాతపూర్వకంగా ఉండాలన్నంతవరకు జయపురం సార్ మాట నిజమే. తేడా అంతా ఆ సంతకం ఎప్పుడు పెట్టారన్న దగ్గరే ఉంది. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 50 మంది దాటిన సెంటర్లకు అవి వర్తిస్తాయి. విద్యార్థి పేరు గానీ, ఫోటో గానీ వాడాలంటే ఎంపికైన తర్వాత తీసుకున్న అంగీకారమే చెల్లుతుంది. చేరేటప్పుడు సీటు కోసం వచ్చిన తండ్రి ఫీజు రసీదుతో పాటు ఏ కాగితం ముందు పెట్టినా సంతకం చేస్తాడు కదా, అందుకని.

పైగా ఫోటో వేస్తే ఆ అమ్మాయి చదివిన కోర్సు ఏదో, ఎన్నాళ్లదో, ఫీజు కట్టి చదివిందో లేదో కూడా వేయాలి. నెల రోజుల టెస్ట్ సిరీస్ రాసిన పిల్లను రెండేళ్లు చదివించినట్టు చూపించేవాళ్లు ఉన్నారు మరి. ఇక 18 నిండలేదు కాబట్టి 2023 డేటా చట్టం తల్లిదండ్రుల అంగీకారమే అడుగుతుంది. దాని నిబంధనలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి.

గుణుపురం టీచరమ్మ (రిటైర్డ్): మా కాలంలో అందరి మార్కులూ నోటీసు బోర్డు మీద అంటించేవాళ్లం. తక్కువ వచ్చిన పిల్లలు గోడ పక్కనుంచి నడిచేవాళ్లు కాదు. వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం?

రాయగడ సెంటర్: అది వేరే సంగతమ్మా, నేను అడిగింది మొదటి మార్కు గురించి.

పర్లాకిమిడి తండ్రి: మా వాడి సెంటర్ వాళ్లు ఫోటో కాదు, ఏకంగా స్కోర్‌కార్డే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేశారు. ఎవరైనా ఒకసారి ఆ కాగితం తీసి చూడండి. మార్కులతో పాటు అప్లికేషన్ నంబరు, పుట్టిన తేదీ, అమ్మా నాన్నల పేర్లు, కేటగిరీ అన్నీ ఉంటాయి. వీధిలో సగం మందికి మా కులం అలా తెలిసింది. ఆ వారమంతా డొనేషన్ కాలేజీల ఏజెంట్లు మా ఆవిడ ఫోన్‌కు చేస్తూనే ఉన్నారు. అడిగితే, ‘మేం మెచ్చుకుంటూనే కదా పెట్టాం’ అన్నారు.

రాయగడ సెంటర్: పోనీ పేరు, ఫోటో తీసేసి ‘ఆటో డ్రైవర్ కూతురు, 720కి ఇన్ని మార్కులు’ అని వేస్తే?

బరంపురం లాయర్: పేరు వేసినా అంత తెలియదు బాబూ! 2024 నీట్ గొడవలో సుప్రీంకోర్టు సెంటర్లవారీగా మార్కులు బయటపెట్టమంది, పిల్లల గుర్తింపు మాత్రం తెలియకూడదంది. అక్కడ ఒక్కో సెంటర్లో వందల మంది రాశారు కాబట్టి పేరు తీస్తే చాలింది. మీ ఊళ్లో ఆటో నడిపే తెలుగాయన కూతురు నీట్ రాస్తే ఎవరో స్టాండులో అడిగితే చెప్తారు. ఆయన దాచాలనుకున్నది మార్కులు కాకపోవచ్చు, తన పనే కావచ్చు.

ఆయన చదవగలిగే తెలుగులో ఒక పేజీ రాయండి. పేరు, ఫోటో, మార్కులు, ఊరు, తండ్రి పని వేరువేరు గళ్లుగా పెట్టండి. ఫ్లెక్సీకా, పేపరుకా, ఫోన్లకా, ఎన్నాళ్లు ఉంటుందో కూడా రాయండి. ఒకదానికి సరే అని ఇంకోదానికి వద్దనే వీలు ఆయనకు ఉండాలి. ఫీజు బాకీ ఏమైనా ఉంటే ఆ మాట ఆ రోజు ఎత్తకండి.

కోరాపుట్ మెడికో: నా విషయంలోనూ నాన్నే వద్దన్నారు. నేను రెండు రోజులు అన్నం మానేశాను. మార్కులు నావి కదా, అంగీకారం ఆయనదా?

జయపురం సార్: అదీ మాట! ఆ అమ్మాయికి 18 నిండేదాకా ఆగితే మన అడ్మిషన్లు అయిపోతాయి.

బరంపురం లాయర్: కాగితం మీద జవాబు తండ్రి దగ్గరే ఉంది. ఇంట్లో ఏం చెప్పాలో నాకు తెలియదమ్మా.

రాయగడ సెంటర్: ఫ్లెక్సీ ఆపించాను, ప్రింటింగ్ అతను అడ్వాన్సు తిరిగివ్వనంటున్నాడు. ఒక పేజీ రాసి పాప చేతికిచ్చి పంపాను. సాయంత్రం ఆయన ఆటో మా గేటు ముందు కాసేపు ఆగింది గానీ ఆయన లోపలికి రాలేదు.