ఒకే ఇంటికి రెండు పాలసీలు: క్లెయిమ్ ఎవరి దగ్గర చేయాలి?

వంటగదిలో మంటలు లేచి 5 లక్షల నష్టం జరిగింది. ఇంటికి నా పేరు మీదే రెండు ఫైర్ పాలసీలు ఉన్నాయి: లోన్ తీసుకున్నప్పుడు చేయించిన 20 లక్షలది ఒకటి, తర్వాత నేను తీసుకున్న 30 లక్షలది ఇంకొకటి. ఇద్దరి దగ్గరా చెరో 5 లక్షలు రావని తెలుసు. బీమా జరిగిన నష్టాన్ని పూడ్చేదే కానీ లాభం ఇచ్చేది కాదు కదా.

మొదటి కంపెనీ కాంట్రిబ్యూషన్ క్లాజ్ చూపించి, 20:30 లెక్కన 2 లక్షలే ఇస్తామంటోంది. మిగతా 3 లక్షలు రెండో కంపెనీ ఇవ్వాలట. కానీ వాళ్లకు నేను ఇంకా సమాచారమే ఇవ్వలేదు, మూడు వారాలు గడిచాయి. ఆలస్యమైందని కాదంటారేమోనని చాలా టెన్షన్‌గా ఉంది.

రిపేర్లు మొదలుపెట్టకుండా వాళ్ల సర్వేయర్ కోసం ఆగాలా? లేక మొదటి సర్వే రిపోర్టు సరిపోతుందా? ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు దయచేసి చెప్పండి.